వితంతువైన కోడలి మనోవర్తి హక్కు : మామగారి బాధ్యతకు చట్టం విధించిన షరతులు

ఉపోద్ఘాతం

భర్త మరణించిన స్త్రీని అత్తవారు పోషించాలన్న మాట మన సమాజంలో ఎంత తరచుగా వినబడుతుందో, ఆ బాధ్యతను న్యాయస్థానంలో నిలబెట్టడం అంత కష్టం. హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) లోని 19వ సెక్షన్ ఈ బాధ్యతను మామగారిపై ఉంచింది. అయితే హక్కును ఒక్క వాక్యంలో ఇచ్చిన ఆ సెక్షన్, దాన్ని తగ్గించే షరతులను అంతకంటె ఎక్కువ మాటల్లో చెప్పింది. ఈ షరతులను వరుసగా వల్లించడం కాక, వాటిలో అత్యంత కీలకమైన ‘ఉమ్మడి ఆస్తి’ షరతు ఎక్కడి నుంచి వచ్చింది, ఈనాడు అది కోడలికి ఎలా అడ్డుపడుతున్నది అన్న విషయాన్ని ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా పదాల గురించి ఒక మాట. న్యాయస్థాన వ్యవహారంలో ‘మనోవర్తి’, ‘భరణం’ అనే రెండు పదాలూ వాడుకలో ఉన్నాయి. ఈ వ్యాసంలో మొదటిదే వాడుతున్నాను. ‘మామ’ అన్న తెలుగు పదం మేనమామకూ, భర్త తండ్రికీ, భార్య తండ్రికీ కూడా చెల్లుతుంది. చట్టం చెప్పేది భర్త తండ్రిని మాత్రమే. మేనరికపు పెళ్ళిళ్లలో ఆ ఇద్దరూ ఒకరే కావచ్చు. కానీ మేనమామ అయినందువల్ల చట్టం దృష్టిలో ఆయన బాధ్యత పెరగదు, తగ్గదు.

సెక్షన్ 19 ఏమంటున్నది?

ఈ చట్టం 1956 డిసెంబరు 21న అమలులోకి వచ్చింది. 19వ సెక్షన్ మొదటి ఉపవిభాగం ప్రకారం, హిందూ స్త్రీ, ఆమె వివాహం చట్టానికి ముందు జరిగినా తరువాత జరిగినా, భర్త మరణానంతరం మామగారి నుండి మనోవర్తి పొందడానికి అర్హురాలు. వెంటనే మినహాయింపు మొదలవుతుంది. ఆమె తన సంపాదనతో గాని, తన ఇతర ఆస్తితో గాని జీవించలేని స్థితిలో ఉండాలి. సొంత ఆస్తి లేనప్పుడు భర్త ఆస్తి నుండి, లేదా తన తండ్రి ఆస్తి నుండి, తల్లి ఆస్తి నుండి, కొడుకు లేదా కూతురి నుండి, వారి ఆస్తి నుండి కూడా మనోవర్తి పొందలేని స్థితిలో ఉండాలి.

ఇక్కడ చట్టం ‘అలా జీవించలేనంత మేరకు’ అనే అర్థమిచ్చే మాట వాడింది. కొంత సంపాదన ఉన్న కోడలికి హక్కు లేదని దీనికి అర్థం కాదు. నెలకు 9,000 రూపాయలు అవసరమైన స్త్రీకి కుట్టుపని వల్ల 4,000 రూపాయలు వస్తుంటే, ఆమె అడగదగినది తక్కిన 5,000 రూపాయలు. ‘ఆమె పనిచేసుకుంటున్నది కదా’ అన్న వాదన మొత్తాన్ని తగ్గిస్తుందే తప్ప, దావాను పూర్తిగా కొట్టివేయించలేదు.

రెండవ ఉపవిభాగం మరింత కఠినమైనది. మామగారి స్వాధీనంలో ఉన్న ఉమ్మడి కుటుంబ ఆస్తి నుండి ఆయనకు స్తోమత లేకపోతే ఈ బాధ్యతను ఆయనపై అమలు చేయడానికి వీలులేదు. ఆ ఉమ్మడి ఆస్తి కూడా కోడలు అంతకుముందు వాటా పొందనిదై ఉండాలి. కోడలు పునర్వివాహం చేసుకుంటే బాధ్యత ముగిసిపోతుంది.

చట్టం పెట్టని షరతులను కూడా గమనించాలి. కోడలు అత్తవారింట్లోనే ఉండాలని 19వ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు. ‘మా ఇంట్లో ఉంటే పెడతాం, పుట్టింటికి పోతే పెట్టం’ అన్న మాట గ్రామ పెద్దల ముందు చెల్లవచ్చునేమో గాని, ఆ సెక్షన్‌లో దానికి ఆధారం లేదు. అయితే కోడలు హిందువుగా కొనసాగాలి. మతం మారితే హక్కు ఉండదని 24వ సెక్షన్ చెబుతున్నది. కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం వర్తించదు కనుక మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల విషయం వేరు.

ఉమ్మడి ఆస్తి షరతుకు మూలం

మామగారు పెద్ద ఉద్యోగి కావచ్చు, పట్టణంలో మేడ ఉండవచ్చు, బ్యాంకులో లక్షలు ఉండవచ్చు. అవన్నీ ఆయన స్వార్జితమైతే, ఆయన జీవించి ఉండగా 19వ సెక్షన్ కింద కోడలు వాటి నుండి మనోవర్తిని అమలు చేయించుకోలేదు. మొదటిసారి చదివినవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. దీనికి కారణం 1956 కంటె వెనుక ఉంది.

పాత మితాక్షర ధర్మం ప్రకారం ఉమ్మడి కుటుంబంలోని కొడుకు తన సంతానంలో మగబిడ్డ లేకుండా చనిపోతే, అతని భాగం అతని భార్యకు వచ్చేది కాదు. బ్రతికి ఉన్న దాయాదులలోనే, అంటే తండ్రి, సోదరులలోనే అది కలిసిపోయేది. దీన్నే ఉత్తరజీవిత్వం అంటారు. భర్త భాగం తమ చేతిలో కలుపుకొన్నవారు అతని భార్యకు అన్నం పెట్టాలి అన్నదే ఆ కాలపు న్యాయం. అందుకే ఉమ్మడి ఆస్తి చేతిలో ఉన్న మామగారి బాధ్యతను చట్టబద్ధమైనదిగా కోర్టులు గుర్తించాయి. ఆయన స్వార్జితం విషయంలో మాత్రం అది నైతిక బాధ్యతే అన్నాయి. ఆ నైతిక బాధ్యత ఆయన మరణించిన తరువాత, ఆస్తి పొందిన వారసులపై చట్టబద్ధమైన బాధ్యతగా మారుతుందని కూడా అన్నాయి. ఈ సూత్రం 19వ శతాబ్ది చివరి నాటికే అలహాబాదు, మద్రాసు హైకోర్టుల తీర్పుల్లో స్థిరపడింది.

1956 చట్టం ఆ పాత విభజననే అక్షరబద్ధం చేసింది. 19వ సెక్షన్ రెండవ ఉపవిభాగానికి ఇదే తర్కం. కోడలిని పోషించే భారం మామగారి వ్యక్తిత్వంపై కాక, ఆయన చేతిలోకి చేరిన భర్త భాగంపై నిలిచింది.

కానీ అదే సంవత్సరం వచ్చిన హిందూ వారసత్వ చట్టం ఈ తర్కానికి పునాదిని కదిలించింది. భార్య, తల్లి, కూతురు వంటి మొదటి తరగతి స్త్రీ వారసులు ఉన్నప్పుడు చనిపోయిన వ్యక్తి ఉమ్మడి భాగం దాయాదులలో కలవక, వారసులకు వెళ్తుందని దాని 6వ సెక్షన్ చెప్పింది. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన సవరణతో ఉత్తరజీవిత్వం దాదాపు తొలగిపోయింది. అంటే కోడలికి భర్త భాగంలో వాటా వస్తున్నది. మరి మామగారి బాధ్యత? అది మాత్రం పాత పునాదిమీదనే నిలబడి ఉన్నది. వారసత్వ చట్టం ముందుకు నడిచి, మనోవర్తి చట్టం అక్కడే ఆగిపోయిందని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ

కల్పిత కుటుంబాన్ని ఒకదాన్ని తీసుకుందాం. మామగారి చేతిలో 6 ఎకరాల మాగాణి ఉంది. అది ఆయన తాతగారి నుండి తండ్రికి, ఆయన నుండి ఈయనకు 1956కు ముందే వచ్చిన భూమి. ఇద్దరు కొడుకులు, ఆడపిల్లలు లేరు. పంపకం జరగలేదు. చిన్నకొడుకు పిల్లలు కలగకముందే, వీలునామా రాయకుండా రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అతని భార్య, తల్లి, తండ్రి, అన్న ఉన్నారు. పాసుపుస్తకం మామగారి పేర ఉంది.

చిన్నకొడుకు మరణానికి ఒక్క క్షణం ముందు పంపకం జరిగి ఉంటే అతనికి ఎంత వచ్చేదో చట్టం ఊహిస్తుంది. తండ్రి, ఇద్దరు కొడుకులు కలిసి ముగ్గురు కనుక ఒక్కొక్కరికి 2 ఎకరాలు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇటువంటి పంపకంలో తల్లికీ భాగమిస్తారు గాని, దక్షిణాదిన ఆ ఆచారం లుప్తమైనది. చిన్నకొడుకు 2 ఎకరాలకు మొదటి తరగతి వారసులు భార్య, తల్లి ఇద్దరే. తండ్రి రెండవ తరగతి వారసుడు కనుక ఆయనకు ఏమీ రాదు. ఫలితంగా కోడలికి 1 ఎకరం, అత్తగారికి 1 ఎకరం. ఒకవేళ మామగారికి ఒక కూతురు కూడా ఉంటే ఆమె సమాన దాయాది అవుతుంది. భాగాలు నాలుగవుతాయి, చిన్నకొడుకు వంతు ఎకరంన్నర, కోడలికి 75 సెంట్లు.

ఇప్పుడు మన కోడలు నెలకు 9,000 రూపాయల అవసరం ఉన్న, కుట్టుపనితో 4,000 సంపాదించే స్త్రీ అనుకుందాం. ఆ ఎకరానికి ఏడాదికి 24,000 రూపాయలు కౌలు వస్తుందనుకుంటే నెలకు 2,000. ఆమెకు ఇంకా 3,000 రూపాయల లోటు ఉంది.

ఆమె మనోవర్తికి దావా వేస్తే మామగారి న్యాయవాది రెండు మాటలు అంటాడు. మొదటిది: ఆమెకు చట్టప్రకారం ఎకరం వచ్చింది, కాబట్టి భర్త ఆస్తి నుండి జీవించగలదు. రెండవది: ఉమ్మడి ఆస్తిలో ఆమె వాటా పొందింది కనుక, 19(2) ప్రకారం ఆ ఆస్తి నుండి మనోవర్తి అడగడానికి వీలులేదు. అయితే వాస్తవంలో ఆమె ఒక్క సెంటు భూమిలో కూడా అడుగు పెట్టలేదు, ఒక్క బస్తా ధాన్యమూ చూడలేదు.

ఇక్కడ మొత్తం వివాదం ‘పొందిన’ అన్న ఒక్క క్రియాపదంపై ఆధారపడి ఉంటుంది. వాటాకు హక్కు ఏర్పడడం, వాటా పొందడం రెండూ ఒకటేనా? చట్టం ‘వాటాకు అర్హురాలైన’ అనే మాట వాడే అవకాశం ఉండి కూడా వాడలేదు. పైగా మొదటి ఉపవిభాగంలో ‘మనోవర్తి పొందలేని’ అన్నప్పుడు వాస్తవ స్థితినే చూడాలి గాని కాగితంపై హక్కును కాదు. కనుక పంపకం జరిగి స్వాధీనం వచ్చేంతవరకు, లేదా ఆమెకు ఫలసాయం ముట్టేంతవరకు, ఆమె వాటా ‘పొందలేదు’ అని చదవడమే సమంజసమని నేను భావిస్తాను. అయితే ఇది వాదించి గెలవవలసిన విషయం. ఎదుటి పక్షం దీన్ని తప్పక లేవనెత్తుతుంది.

అందువల్ల ఇటువంటి స్థితిలో ఉన్న స్త్రీ మనోవర్తి ఒక్కటే అడగడం తెలివైన పని కాదు. భర్త వంతులో తన భాగానికి పంపకపు దావా, భర్త మరణం నాటి నుండి ఫలసాయంలో తన వంతు, భాగం చేతికి వచ్చేవరకు మనోవర్తి, ఇలా ప్రధాన, ప్రత్యామ్నాయ కోరికలుగా అడగవచ్చు. ఎకరం చేతికి వచ్చాక లోటుగా ఉన్న 3,000 రూపాయలను మామగారి నుండి రాబట్టే దారి మాత్రం ఆ షరతు వల్ల దాదాపు మూసుకుపోతుంది. భూమి, మనోవర్తి రెండూ కావాలంటే చట్టం ఒప్పుకోదు. నా దృష్టిలో భూమే మేలు. అది మామగారి ఆయుష్షుపైన గాని, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోకపోవడంపైన గాని ఆధారపడదు.

‘తాతల ఆస్తి’ అన్న భ్రమ

పై ఉదాహరణలో ఒక్క అంశం మారుద్దాం. ఆ 6 ఎకరాలను మామగారి తండ్రి తన సొంత సంపాదనతో కొని, 1990లో వీలునామా లేకుండా మరణించాడు. ఏకైక వారసుడుగా మామగారికి ఆ భూమి వచ్చింది. ఊళ్ళో అందరూ దాన్ని పిత్రార్జితం అనే అంటారు. కోడలి దావాలో కూడా అలాగే రాయబడుతుంది. కానీ హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం తండ్రి నుండి వారసత్వంగా వచ్చిన ఆస్తి కొడుకు చేతిలో అతని ప్రత్యేక ఆస్తి అవుతుందని, అతని కొడుకులకు దానిలో పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. అప్పుడు చిన్నకొడుక్కి భాగమే లేదు. కోడలికి వారసత్వమూ లేదు. మామగారి చేతిలో ఉమ్మడి ఆస్తి లేదు కనుక మనోవర్తీ లేదు.

ఇటువంటి దావాలలో జరిగే ప్రధానమైన పొరపాటు ఇదే. ‘పూర్వీకుల ఆస్తి’ అని రాస్తే సరిపోతుందనుకుంటారు. ఆ భూమి ఎవరి నుండి, ఎప్పుడు, ఏ విధంగా వచ్చిందో కాగితాలతో చూపాలి. పాత అడంగళ్లు (తెలంగాణలో పహాణీలు), రిజిస్టరైన దస్తావేజులు, పాత భాగపరిష్కార పత్రాలు, రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీ దీనికి ఆధారాలు. పాసుపుస్తకంలో మామగారి పేరు ఒక్కటే ఉన్నంతమాత్రాన అది స్వార్జితమని గాని, ఉమ్మడిదని గాని రుజువు కాదు. ఈ చిక్కు వల్ల, ఉద్యోగ వ్యాపారాలతో ఆస్తి సంపాదించుకున్న నేటి కుటుంబాలలో 19వ సెక్షన్ చేతికి అందేది బహుస్వల్పం.

రెండు ఇళ్ల మధ్య

మొదటి ఉపవిభాగంలో కోడలి తండ్రి, తల్లి ఆస్తుల ప్రస్తావన ఉందని చూశాం. ‘మీ నాన్నకు పదెకరాలు ఉందిగా, అక్కడ అడుగు’ అని మామగారు అనడానికి ఇది వీలిస్తున్నట్లు కనబడుతుంది. ఇదే చట్టం 21వ సెక్షన్‌లో, మరణించిన హిందువుపై ఆధారపడినవారి జాబితాలో వితంతువైన కూతురు ఉంది. అక్కడి షరతు ఏమిటంటే, ఆమె తన మామగారి నుండి గాని, ఆయన ఆస్తి నుండి గాని మనోవర్తి పొందలేకపోవాలి. అంటే అత్తిల్లు పుట్టింటిని చూపితే, పుట్టిల్లు అత్తింటిని చూపుతుంది. ఒకే చట్టంలోని రెండు సెక్షన్లు ఒకదానికొకటి వేలు చూపుకోవడం విచిత్రమే.

జాగ్రత్తగా చదివితే ముడి కొంతవరకు విడుతుంది. తండ్రి జీవించి ఉంటే, 20వ సెక్షన్ ఆయనపై ఉంచిన బాధ్యత అవివాహితయైన కూతురి పట్ల మాత్రమే. వితంతువైన కూతురిని పోషించవలసిన బాధ్యతను అది ఆయనపై ఉంచలేదు. ఇస్తే అది ప్రేమ, హక్కు కాదు. హక్కుగా అడగలేనిచోట ‘పొందగలదు’ అనడం కుదరదు. కాబట్టి తండ్రి బ్రతికి ఉండగా మామగారి ఈ వాదన బలహీనమైనది. తండ్రి మరణించి ఉంటే ఆమె ఆయనకు మొదటి తరగతి వారసురాలు. వచ్చిన వాటా ఆమె సొంత ఆస్తిగా లెక్కకు వస్తుంది, లోటు ఆ మేరకు తగ్గుతుంది.

మామగారు మరణిస్తే

మామగారు వీలునామా రాయకుండా పోతే, ముందే మరణించిన కొడుకు భార్యగా కోడలు కూడా మొదటి తరగతి వారసురాలే. ఆయన స్వార్జితంలో సైతం కొడుకు శాఖకు రావలసిన వాటా ఆమెకు వస్తుంది. ఆస్తి అంతా పెద్దకొడుక్కి వీలునామా రాసి పోతే, 21వ సెక్షన్ ప్రకారం ఆమె ‘ఆధారపడినవారి’లో చేరుతుంది. 22వ సెక్షన్ ప్రకారం ఆస్తి పుచ్చుకున్నవారు ఆమెకు మనోవర్తి ఇవ్వాలి. ఇక్కడ ఉమ్మడి ఆస్తి షరతు లేదు. అందుచేత మామగారు జీవించి ఉన్నంతకాలం మూసి ఉన్న తలుపు, ఆయన మరణంతో తెరుచుకుంటుంది. పాత నైతిక బాధ్యతా సూత్రమే ఈ రూపంలో మిగిలింది.

దావా తరువాత మామగారు భూమిని పెద్దకొడుకు పేర దానపత్రం రాస్తారన్న భయం సహజం. ఆస్తి నుండి మనోవర్తి పొందే హక్కు ఉన్నవారి విషయంలో, దానంగా పుచ్చుకున్న వ్యక్తిపై, హక్కు సంగతి తెలిసి కొన్న వ్యక్తిపై ఆ హక్కును అమలు చేసుకోవచ్చని 28వ సెక్షన్ చెబుతున్నది. సంగతి తెలియక డబ్బిచ్చి కొన్నవారిపై మాత్రం వీలుకాదు. డిక్రీలో మనోవర్తిని ఫలానా సర్వే నెంబరు భూమిపై భారంగా పెట్టమని కోరడం అందుకే ముఖ్యం. అలా పెట్టకపోతే మనోవర్తి దానంతటదే ఆస్తిపై భారం కాదని 27వ సెక్షన్ స్పష్టం చేసింది.

ఎక్కడ అడగాలి?

భార్య, పిల్లలు, తల్లిదండ్రులు మేజిస్ట్రేటు వద్ద మనోవర్తి అడిగే సులభమార్గం (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్) కోడలికి లేదు. ఆ జాబితాలో ఆమె పేరే లేదు. ఆమెది సివిల్ దావా. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ వేయాలి. భర్త బ్రతికి ఉండగా ఆమెను పోషించడం భర్త వ్యక్తిగత బాధ్యత అని, అత్తమామల ఆస్తిపై దాన్ని మోపలేరని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. కనుక భర్త వదిలేసిన స్త్రీ 19వ సెక్షన్‌ను ఆశ్రయించలేదు. దావాలో భర్త మరణ ధ్రువపత్రం మొదటి కాగితం అవుతుంది.

మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు కోర్టు ఆమె సహేతుకమైన అవసరాలు, ఆమె ఆదాయం, ఆస్తి విలువ, పోషించవలసిన ఇతరుల సంఖ్య వంటివి చూస్తుంది. పరిస్థితులు మారితే మొత్తాన్ని పెంచమనీ తగ్గించమనీ 25వ సెక్షన్ కింద మళ్ళీ అడగవచ్చు.

పునర్వివాహం

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం వివాహాన్ని చట్టబద్ధం చేస్తూనే, మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తిపై హక్కులను, మనోవర్తిని, ఆమె మరణించినట్లే భావించి, తొలగించింది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం 1881లో జరిపించిన తొలి వితంతు వివాహం నాటికి అమలులో ఉన్న నియమం ఇదే. సరిగ్గా వందేళ్ల తరువాత వచ్చిన 19వ సెక్షన్ ఆ నియమంలోని మనోవర్తి భాగాన్ని నిలుపుకొన్నది. ఆస్తి విషయంలో మాత్రం స్థితి మారింది. భర్త మరణంతో ఒకసారి వారసత్వంగా వచ్చిన వాటా ఆమె సంపూర్ణ స్వత్వం. పునర్వివాహం దాన్ని వెనక్కి తీసుకోదు. పై ఉదాహరణలోని కోడలు రెండేళ్ల తరువాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నదనుకుందాం. ఆనాటి నుండి నెలవారీ మనోవర్తి ఆగిపోతుంది. అంతకుముందు బకాయిపడిన నెలల మొత్తాన్ని ఆమె రాబట్టుకోవచ్చు. ఎకరం పొలం మాత్రం ఆమెదే. పంపకపు దావా అప్పటికి వేయకపోయినా, తరువాత వేయవచ్చు.